మీ ఫోటో గురించి నిజం చెప్పించుకోవడం ఎలా?

“ఫోటో పెడితే అందరూ సూపర్ అంటున్నారు, పోటీకి పంపితే మాత్రం మొదటి వడపోతలోనే పోతోంది. లోపం ఎక్కడుందో ఎవరిని అడగాలి?” అనే ప్రశ్న నన్ను తరచుగా అడుగుతుంటారు. ఎవరిని అడగాలన్నదానికన్నా ఏమని అడగాలన్నదే ఇక్కడ అసలు చిక్కు. పెళ్లి భోజనాల దగ్గర ఇంటాయన పంక్తిలోకి వచ్చి “వంటలు ఎలా ఉన్నాయండీ?” అని అడిగితే, సాంబారులో ఉప్పు తగ్గిందని చెప్పేవారు ఎవరూ ఉండరు. ఫోటో పంపి “ఎలా ఉంది?” అని అడగడమూ అలాంటిదే. అందువల్ల అభిప్రాయం అడగడం మానేసి, ఎదుటివారికి ఏమి కనిపించిందో చెప్పమని అడగాలి. ఫోటో మంచిదా కాదా అనే తీర్పు మాత్రం, వారు చెప్పినదాన్ని అసలు ఫైలుపై పరీక్షించిన తర్వాత, మీరే ఇచ్చుకోవాలి.

పద్ధతి తేలికగా అర్థం కావడానికి నా ఫోటో ఒకదాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో, తెల్లవారక ముందు, బంతిపూల గంప నెత్తిన పెట్టుకుని రాశుల మధ్యగా నడిచి వస్తున్న ఒక కూలీని తీశాను. లెన్సు 35 మిల్లీమీటర్లు, అపర్చర్ f/2.8, షట్టర్ స్పీడ్ 1/60, ఐఎస్ఓ 3200. మా కుటుంబ గ్రూపులో దానికి గుండె గుర్తులు, మంట గుర్తులు కలిపి 18 వచ్చాయి. ఆ ఫోటోలో మూడు లోపాలున్నాయని నాకు తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది.

కావలసినవి

- ఒక ఫోటో, లేదా ఒకే చోట తీసిన మూడు ఫోటోలు. ఎడిట్ చేసిన ప్రతితో పాటు అసలు ఫైలు కూడా మీ దగ్గర ఉండాలి.
- నలుగురు నుంచి ఆరుగురు మనుషులు.
- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్లో రాసుకున్నా సరే.
- ఫోన్ కాకుండా ఇంకొక తెర. కంప్యూటర్ లేకపోతే ఇంట్లో వేరేవారి ఫోన్ అయినా సరిపోతుంది.
- తీసిన రోజుకు, అడిగే రోజుకు మధ్య కనీసం ఒక వారం విరామం.

1. మీరు ఏమి చూపించాలనుకున్నారో ముందుగా రాసిపెట్టుకోండి

ఎవరికీ పంపకముందే నోటు పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. నేను “చూసేవారి కన్ను మొదట అతని ముఖంపై పడాలి, తర్వాత గంపపైకి వెళ్లాలి” అని రాసుకున్నాను. ఆ వాక్యాన్ని ఎవరికీ చూపకండి. తర్వాత వచ్చే జవాబులను పోల్చడానికి మీ దగ్గర ఉండే కొలబద్ద అదొక్కటే. ఇది ముందుగా రాసుకోకపోతే, ఎవరేమి చెప్పినా “నేను అనుకున్నదీ అదే” అని మనసు సర్దుకుపోతుంది.

2. మనుషులను ఎంచుకోండి

ఆరుగురిలో ఇద్దరు ఫోటోలు తీసేవారు, ఇద్దరు అసలు తీయనివారు ఉండాలి. ఫోటోలు తీయనివారిని అడగడం వృథా అనుకోవడం పొరపాటు. వారికి సాంకేతిక పదాలు రావు కాబట్టి, కనిపించింది కనిపించినట్టు చెబుతారు. మిగిలిన ఇద్దరు ఆ చోటు చూడనివారైతే మంచిది. గుడిమల్కాపూర్ తెలిసినవారు ఫోటోలో లేని సందడిని కూడా తమ జ్ఞాపకంలోంచి తెచ్చి కలుపుకుంటారు. బెంగళూరులో ఉండే మా పిన్నికి ఆ ఇబ్బంది లేదు.

మీతో కలిసి ఆ రోజు ఫోటోవాక్‌కు వచ్చినవారిని మాత్రం ఈ విడతలో అడగవద్దు. వారు ఫోటోను కాదు, ఆ ఉదయాన్ని చూస్తారు.

3. ఫైలును సరిగా పంపండి

వాట్సాప్‌లో మామూలు పద్ధతిలో పంపిన ఫోటో చిన్నదై, కుదించుకుపోయి చేరుతుంది. ఎదుటివారు “కొంచెం మసకగా ఉంది” అంటే, ఆ మసక మీ ఫోటోదా, వాట్సాప్‌దా అన్నది తేలదు. అందుచేత ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అది కుదరకపోతే కనీసం హెచ్‌డీ ఎంపిక చేసుకోండి.

హెచ్చరిక: డాక్యుమెంటుగా పంపిన ఫైలులో కెమెరా వివరాలతో పాటు, ఫోన్‌తో తీసిన ఫోటో అయితే, తీసిన చోటు కూడా నమోదై ఉండవచ్చు. ఇంట్లో తీసిన ఫోటోలను, పిల్లల ఫోటోలను తెలియనివారి గ్రూపులో ఇలా పంపవద్దు. పంపక తప్పకపోతే లొకేషన్ వివరాన్ని తొలగించి పంపండి.

4. “బాగుంది” అని జవాబు చెప్పడానికి వీలులేని ప్రశ్నలు అడగండి

నేను పంపే సందేశం దాదాపు ఇలా ఉంటుంది. వరసను, చనువును బట్టి పిలుపు మారుతుంది కానీ ప్రశ్నలు మారవు.

> అన్నా, ఒక ఫోటో పంపుతున్నాను. ఐదు సెకన్లు చూసి, పక్కన పెట్టేసి, ఈ నాలుగింటికి జవాబు చెప్పు. 1) నీ కన్ను మొదట ఎక్కడ పడింది? 2) తర్వాత ఎక్కడికి వెళ్లింది? 3) ఇందులో ఏమి జరుగుతోందనిపించింది? 4) ఒక్కటి తీసేయమంటే ఏది తీసేస్తావు? బాగుందా లేదా అని చెప్పనక్కర్లేదు.

చివరి వాక్యం చాలా ముఖ్యం. మొహమాటం ఉన్నవారికి అది పెద్ద ఊరట, ఎందుకంటే మిమ్మల్ని నొప్పించాలా, అబద్ధం చెప్పాలా అనే ఇరకాటం వారికి ఇక ఉండదు. నాలుగో ప్రశ్నలోనూ అలాంటి వెసులుబాటే ఉంది: తప్పు ఉందా అని మీరు అడగడం లేదు, ఏదో ఒకటి తీసేయాలని మీరే ముందుగా ఒప్పుకుంటున్నారు.

పెద్దవారిని ఇలా ప్రశ్నపత్రంలా అడగడం బాగుండదు. వారికి ఫోన్ చేతికిచ్చి, “ఇందులో ఏం కనిపిస్తోందో కాస్త చెప్పండి” అని అడిగి, వారి మాటల వరుసను గమనిస్తే చాలు. ముందు ఏది చెప్పారో సాధారణంగా ముందు చూసింది అదే.

5. జవాబు వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా, వివరణ ఇవ్వకండి

అందరూ తప్పేది ఇక్కడే. “అది పొద్దున్నే ఐదింటికి తీశానన్నా, వెలుతురు లేదు, పైగా వెనక నుంచి తోపుడుబండి వస్తోంది” అని మొదలుపెట్టిన మరుక్షణం ఎదుటివారు ఫోటోను వదిలేసి, మీ కష్టానికి మార్కులు వేస్తారు. ఫోటో చూసే ప్రతివారి పక్కన మీరు నిలబడి ఇదంతా చెప్పలేరు కదా! ఎవరైనా లోపం చెప్పినప్పుడు రాయదగిన జవాబు ఒక్కటే: “సరే, అది ఏ వైపున కనిపించింది?” ఒకసారి మీరు వాదనకు దిగితే ఆ మనిషి ఇక ఎప్పటికీ మీకు “సూపర్” అనే అంటారు.

6. గ్రూపులో అడిగేటప్పుడు పద్ధతి మార్చండి

గ్రూపులో మొదటి వ్యాఖ్య ఎలా ఉంటే, తర్వాతివి చాలామటుకు అదే దారిలో నడుస్తాయి. పేరున్న సభ్యుడొకరు “కేక” అన్నాక, కింద ఇరవైమంది కేకలే వేస్తారు. అందువల్ల ముందుగా విడివిడిగా అడిగి, ఆ తర్వాతే గ్రూపుకు వెళ్లండి. గ్రూపులో ఒక్క ఫోటో పెట్టకుండా, ఒకే చోట తీసిన మూడింటికి 1, 2, 3 అని అంకెలు వేసి, “వీటిలో ఒకటి తీసేయాలి. ఏది, ఎందుకు?” అని అడగండి. పొగడాలనుకున్నవారు కూడా ఒకదాన్ని వదులుకోక తప్పదు, కారణం కూడా చెప్పవలసి వస్తుంది.

గ్రూపులో ఇచ్చిపుచ్చుకోవడం అనే లెక్క ఒకటి ఉంటుందని మరచిపోకండి. మీరు పది ఫోటోల కింద “నైస్ క్లిక్” అని రాసి ఉంటే, మీకూ పది “నైస్ క్లిక్”లే తిరిగి వస్తాయి. మీ ఫోటో పెట్టడానికి ముందు వారంలో, ఇతరుల ఫోటోలు రెండు మూడింటికి, ఫలానా మూలన ఫలానాది నా కన్ను లాగిందని మర్యాదగా రాయండి. మీకు ఎలాంటి జవాబు కావాలో దాన్నిబట్టే వారికి తెలుస్తుంది. గ్రూపులో ఎదురుగా ఏమీ అనకుండా ఊరుకున్న అనుభవజ్ఞులకు విడిగా సందేశం పంపడం కూడా మంచి దారే. నలుగురిలో తప్పు ఎత్తిచూపడం ఇష్టంలేక ఊరుకునేవారు మనలో ఎక్కువ.

7. వచ్చిన మాటలను ఏరండి

అన్ని జవాబులనూ, పొగడ్తలతో సహా, చెప్పినవారి మాటల్లోనే నోటు పుస్తకంలోకి ఎక్కించండి. ప్రతి మాటకూ రెండు ప్రశ్నలు వేయండి. అది ఫోటోలో వేలు పెట్టి చూపగలిగిన చోటు గురించి చెబుతోందా? ఆ చోటు తమను ఏమి చేసిందో చెబుతోందా? రెండూ ఉంటే పనికొచ్చే మాట. ఒక్కటే ఉంటే రెండోది అడిగి తెలుసుకోండి. ఏదీ లేకపోతే అది మర్యాద. పుచ్చుకుని పక్కన పెట్టండి.

నా ఫోటోకు వచ్చిన జవాబులను ఇలా జల్లించినప్పుడు తేలింది ఇది. “కలర్స్ అదిరాయి” అన్న మాటలో చోటు లేదు. “ఏ రంగు?” అని తిరిగి అడిగితే “అంతా” అన్నాడు మా తమ్ముడు. పక్కన పెట్టేశాను. “రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు” అని ఒకాయన కాస్త కటువుగానే రాశారు. కటువుగా ఉంది కాబట్టి నిజాయితీ గలదని అనుకోవద్దు. అందులో సూత్రం ఉంది కానీ, దాన్ని పాటించకపోవడం వల్ల ఆయనకు ఏమి ఇబ్బంది కలిగిందో లేదు. “బ్లాక్ అండ్ వైట్ చేస్తే బాగుండేది” అన్నది అభిరుచి. అది తప్పు కాదు, నా ఫోటోకు లోపమూ కాదు. మా పిన్ని మాత్రం “ఎడమ పక్కన ఆ మోచెయ్యి ఎవరిదిరా?” అంది. చోటు ఉంది, అక్కడ కన్ను ఆగిందనీ ఉంది.

నిజం చెప్పాలంటే, ఆ మోచేతిని నేను అప్పటిదాకా చూడనే లేదు. తెల్ల చొక్కా చేయి ఒకటి ఫ్రేములోకి సగం పొడుచుకుని వచ్చింది. ఆ రోజు గంప దించాక అతను నాతో రెండు మాటలు సరదాగా మాట్లాడాడు. ఫోటో తెరిచినప్పుడల్లా నాకు ఆ మాటలే గుర్తొచ్చేవి, కన్ను అతని ముఖం మీదే ఉండిపోయేది.

మొదట కన్ను ఎక్కడ పడిందన్న ప్రశ్నకు ఆరుగురిలో నలుగురు “పైన కుడివైపు ట్యూబ్‌లైటు” అన్నారు, ఇద్దరు “పూలు” అన్నారు. ముఖం అని ఒక్కరూ అనలేదు. నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్న వాక్యం అక్కడితో కూలిపోయింది. ఒకరు అదనంగా “ముఖం సరిగా తేలలేదు” అన్నారు.

పొగడ్తలన్నీ చెత్తబుట్టకే అని అనుకోవద్దు. “గంప కింద నలిగిన తలపాగా చూస్తే ఎంత బరువో తెలిసింది” అని ఒక మిత్రుడు రాశాడు. చోటూ ఉంది, కలిగిన భావమూ ఉంది. దిద్దేటప్పుడు ఏది చెడగొట్టకూడదో ఆ మాట చెప్పింది.

8. ఒప్పుకునే ముందు అసలు ఫైలుపై పరీక్షించండి

ఒకరు చెప్పారని దిద్దకండి. ముగ్గురు ఒకే చోటు చూపితే తప్పక పరీక్షించండి. ఒక్కరే చూపినా, చూశాక మీకూ కనిపిస్తూ ఉంటే పరీక్షించండి.

కన్ను లాగే వెలుతురు ఉందని చెబితే, ఫోటోను వేలిగోరంత చిన్నదిగా చేసి చూడండి. వివరాలు పోయి, వెలుగు నీడల ముద్దలు మాత్రమే మిగులుతాయి. నా ఫోటోలో మిగిలింది తెల్లటి గీత ఒకటి, నారింజ రంగు ముద్ద ఒకటి. ఫోటోను తలకిందులు చేసి చూడటం ఇంకొక దారి. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసాన్ ఫోటోలను అలా తిప్పి చూసేవారని ప్రసిద్ధి. తలకిందులైనప్పుడు అది మనిషి, ఇది గంప అన్న ఎరుక సడలి, ఆకారాలు మాత్రమే కనిపిస్తాయి.

అంచుల్లో ఏదో ఉందని చెబితే, తెరపై ఆ భాగాన్ని ఒక కాగితం ముక్కతో మూసి, తీసి, మళ్లీ మూసి చూడండి. మూసినప్పుడు ఊపిరి తీసుకున్నట్టు అనిపిస్తే క్రాప్ చేయవచ్చు.

“మసకగా ఉంది”, “షార్ప్‌గా లేదు” అన్న మాటను మాత్రం నిదానంగా పరిశీలించాలి, ఎందుకంటే ఒకే మాట వెనుక నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. అసలు ఫైలును కంప్యూటర్లో 100 శాతానికి పెంచి చూడండి. అక్కడ స్పష్టంగా ఉంటే, లోపం పంపిన తీరులో ఉంది. ముఖం మసకగా ఉండి, దాని ముందున్నదో వెనకున్నదో స్పష్టంగా, అదీ కదలిక చారలు లేకుండా ఉంటే, ఫోకస్ తప్పి ఉండవచ్చు. ఫ్రేములోని వెలుగు చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటే, మీ చెయ్యి కదిలింది. నిలకడగా ఉన్న వస్తువులు స్పష్టంగా ఉండి, మనిషి ఒంటిమీది మెరుపులు మాత్రమే సాగి ఉంటే, మనిషి కదిలాడు. నా ఫోటోలో అతని పక్కనే, అతనంత దూరంలోనే ఉన్న బంతిపూల రాశిలో రేకులు లెక్కపెట్టవచ్చు. అతని నుదుటి మీది చెమట చుక్కలు మాత్రం అడ్డగీతలయ్యాయి. అంటే నడిచే మనిషికి 1/60 చాలలేదు.

9. దిద్దండి, దిద్దలేనిదాన్ని వదిలేయండి

నా ఫ్రేము 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. ఎడమ అంచున 400 పిక్సెళ్లు కోస్తే మోచేయి పోయింది, ఇంకేమీ పోలేదు. ట్యూబ్‌లైటు కథ వేరు. దాన్ని చీకటి చేయబోతే బూడిదరంగు పట్టీలా తయారైంది, ఎందుకంటే పూర్తిగా తెల్లబడిన చోట వెనక్కి తెచ్చుకోవడానికి వివరమే ఉండదు. కుడివైపు 900 పిక్సెళ్లు కోస్తే లైటు పోయింది కానీ, దూరంగా సాగిన పూల రాశుల వరుస కూడా పోయింది. కోసిన ప్రతిని పిన్నికి పంపితే, “మార్కెట్టు ఏదిరా? స్టూడియోలో తీసినట్టుంది” అంది. ఇక కదిలిన ముఖాన్ని ఎడిటింగ్‌లో షార్ప్ చేయడం వల్ల గీతలు మరింత పదునెక్కాయే తప్ప చెమట చుక్కలు తిరిగి రాలేదు.

దిద్దుబాటు కుదరని లోపాన్ని నోటు పుస్తకంలో “మళ్లీ తీసేటప్పుడు” అనే శీర్షిక కింద రాసుకోండి. నేను రెండు పంక్తులు రాశాను: షట్టర్ 1/250, అంటే ఐఎస్ఓ 12800 దాకా పెంచక తప్పదు, ఒక అడుగు ఎడమకు జరిగి, ట్యూబ్‌లైటు స్తంభం చాటుకు వెళ్లేలా నిలబడాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

తీసిన రోజు సాయంత్రమే అడగడం అన్నిటికన్నా సాధారణమైనది. అప్పుడు మనకు కావలసింది మెప్పే, విమర్శ కాదు. ఎదుటివారు అది గ్రహించి మెప్పే ఇస్తారు.

ఆరుగురు చెప్పిన ఆరు మార్పులూ చేసేయడం రెండోది. అలా చేసిన ఫోటో ఎవరిదీ కాకుండా పోతుంది. మొదట రాసుకున్న వాక్యానికి సాయపడని మార్పు ఎంత మంచిదైనా వదిలేయవచ్చు.

లైకుల సంఖ్యతో రెండు ఫోటోలను పోల్చడం మూడోది. రాత్రి భోజనాల వేళ పెట్టినదానికి, మధ్యాహ్నం పెట్టినదానికి తేడా వస్తే, అది వేళ తేడా కూడా కావచ్చు.

ఒకరి తెర మీద రంగులు గాఢంగా ఉన్నాయన్నారని వెంటనే తగ్గించడం కూడా పొరపాటే. కొన్ని ఫోన్ల తెరలు బంతిపూల రంగును మరీ మండేలా చూపిస్తాయి. రెండో తెరపై కూడా చూసి, అక్కడా అలాగే ఉంటేనే ముట్టుకోండి.

ఫలితం సరిచూసుకోవడం

పాత ప్రతిని, కొత్త ప్రతిని పక్కపక్కన పెట్టి, ఏది ముందుదో చెప్పకుండా, ఇదివరకు చూడని ముగ్గురు నలుగురికి పంపండి. “దిద్దినది” అన్న మాట ఎక్కడా రాయకండి. రాస్తే అందరూ దానికే ఓటు వేస్తారు. సగంమందికి పాతది ముందు, సగంమందికి కొత్తది ముందు పంపితే, వరుస వల్ల వచ్చే పక్షపాతం కొంత తగ్గుతుంది. ఏది బాగుందని కాకుండా, మళ్లీ అదే ప్రశ్న అడగండి: కన్ను మొదట ఎక్కడ పడింది?

నేను రెండు వారాల తర్వాత మళ్లీ గుడిమల్కాపూర్ వెళ్లి, రాసుకున్నట్టుగా తీశాను. అదే మనిషి దొరకలేదు, వేరొకరు గంపతో వచ్చారు. కొత్తవాళ్లు నలుగురికి పంపితే, ముగ్గురు “కళ్లు” అన్నారు, ఒకరు “గంప” అన్నారు. లైటు మాట ఎవరూ ఎత్తలేదు. చీకటి భాగాల్లో గరుకు కనిపిస్తోందని ఒకరు పట్టుకున్నారు, అది నిజమే. ఐఎస్ఓ 12800 దగ్గర అంతకన్నా నున్నగా నా కెమెరా ఇవ్వదు. కుటుంబ గ్రూపులో మాత్రం దానికీ 18 గుర్తులే వచ్చాయి.